ఎక్సెల్ పట్టీ, చాట్‌బాట్ కూడిక: అంకెలు ఎక్కడ తప్పుతాయి?

గుంటూరు మిర్చి యార్డులో ఒక వ్యాపారి ఒక ఉదయం చేసిన కొనుగోళ్ల పట్టీ ఇలా ఉందనుకుందాం. ధరలు ఉదాహరణకు వేసుకున్నవే. పట్టీ రూపం మాత్రం ఏ దుకాణంలోనైనా కనిపించేదే.

| వరుస | రకం | బరువు, కిలోలు | క్వింటాలు ధర, రూ. |
|---|---|---|---|
| 1 | తేజ | 1,847 | 16,350 |
| 2 | 334 | 2,265 | 13,900 |
| 3 | 341 | 968 | 14,750 |
| 4 | తేజ | 3,409 | 16,725 |
| 5 | 334 | 1,132 | 13,600 |

వరుసకొక గుణకారం, చివర ఒక కూడిక. 1,847 కిలోలను 16,350తో గుణించి నూరుతో భాగిస్తే రూ. 3,01,984.50 వస్తుంది. మిగిలిన నాలుగు వరుసలకూ అలాగే చేస్తే 3,14,835, 1,42,780, 5,70,155.25, 1,53,952 వస్తాయి. అన్నీ కలిపితే రూ. 14,83,706.75. కాలిక్యులేటర్ చేతిలో ఉంటే రెండు నిమిషాల పని.

ఇదే పట్టీని, కోడు నడిపే సౌకర్యం లేని చాట్‌బాట్‌లో అతికించి, మెట్లు చూపకుండా మొత్తం మాత్రం చెప్పమని అడిగితే జవాబు క్షణంలో వస్తుంది. పైసలతో సహా వస్తుంది. అయితే అది 14,83,706.75 కాకుండా, ఉదాహరణకు, 14,81,256.75 అయి ఉండవచ్చు. మొదటి అంకెలు సరిగ్గా ఉన్నాయి, చివరి పైసలూ సరిగ్గానే ఉన్నాయి, నడుమ మాత్రం ఏదో జరిగింది. లెక్కలు రాసే మనిషి చేసే తప్పు ఇలా ఉండదు. గుమాస్తా ఒక వరుస వదిలేస్తే తేడా ఆ వరుస విలువకు సమానంగా ఉంటుంది. రెండు అంకెలు తారుమారు చేస్తే ఆ తేడా 9తో నిశ్శేషంగా భాగం పోతుంది; పాత లెక్కల గుమాస్తాలకు తప్పును పట్టుకోవడానికి ఇదే కొండగుర్తు. ఇక్కడి తేడా 2,450. ఆ విలువ గల వరుస పట్టీలో లేదు, 9తో భాగించినా పోదు. వెనక్కి వెళ్లి వెతుకుదామంటే ఆచూకీ దొరకని తప్పు ఇది. ఎందుకంటే అక్కడ లెక్క అనేదే మనం అనుకునే పద్ధతిలో జరగలేదు.

లోపల ఏం జరుగుతోంది

చాట్‌బాట్ వెనక ఉండే భాషా మోడల్ చేసే పని ఒక్కటే. ఇంతవరకు ఉన్న పాఠాన్ని చూసి, తర్వాత ఏ ముక్క రావడానికి ఎక్కువ అవకాశం ఉందో అంచనా వేసి, ఆ ముక్కను రాస్తుంది. తర్వాత ఇంకో ముక్క, ఆ తర్వాత ఇంకొకటి. ఈ ముక్కలను టోకెన్లు అంటారు. మాటలనే కాదు, అంకెలనూ అది టోకెన్లుగానే చూస్తుంది. మనకు 301984 అనేది ఒక పరిమాణం. దానికి అది అక్షరాల గుంపు.

ఆ గుంపును ఎలా కోస్తారన్నది ఒక్కో మోడల్‌కు ఒక్కో రకం. మెటా సంస్థ తొలి లామా మోడళ్లు ఒక్కో అంకెను విడి టోకెన్‌గా తీసుకున్నాయి. జీపీటీ-4 అంకెల వరుసను ఎడమ నుంచి మూడేసిగా కోస్తుంది. అప్పుడు 301984 అనేది 301, 984 అనే రెండు ముక్కలవుతుంది. మన మొత్తంలోని 1483706 మాత్రం 148, 370, 6 అవుతుంది. మొదటి సంఖ్యలో రెండో ముక్క వందలు, పదులు, ఒకట్లు. రెండో సంఖ్యలో రెండో ముక్క వేలు, వందలు, పదులు. ఒకే నిలువు వరుసలో రాసుకుంటే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు పడాలని ఒకటో తరగతిలో నేర్పేది ఇక్కడ మొదట్లోనే చెదిరిపోతుంది. సంఖ్య పొడవు మారినప్పుడల్లా స్థానాలు ఎలా జరిగాయో మోడల్ తనంతట తాను ఊహించుకోవాలి. మూడేసి అంకెలకు కామా పెట్టి ముక్కలను కుడి నుంచి అమర్చితే కూడికలు మెరుగుపడ్డాయని 2024లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. లక్షల కామాలతో 14,83,706 అని రాసినా స్థానాలు కొంత నిలకడగానే ఉంటాయి. కానీ ఎక్సెల్ నుంచి కాపీ చేసిన అంకెలకు చాలాసార్లు కామాలే ఉండవు.

ఇంతకంటే పెద్ద చిక్కు రాసే దిశలో ఉంది. మనం కూడిక కుడి నుంచి మొదలుపెడతాం. ఒకట్లు కూడి, దాటింది పదులలో వేసుకుంటూ ఎడమకు వస్తాం. మోడల్ జవాబును ఎడమ నుంచి రాయాలి. మన పట్టీలోని ఐదు మొత్తాలనే చూడండి. లక్షల స్థానంలో ఉన్న అంకెలు 3, 3, 1, 5, 1. వాటి మొత్తం 13. కానీ జవాబు 14తో మొదలవుతుంది. మిగిలిన భాగాలను కూడితే 1,83,706.75 వస్తుంది, అందులోంచి ఒక లక్ష ఇటు చేరుతుంది కాబట్టి. అంటే మొట్టమొదటి ముక్క రాసేసరికే పైసల దాకా కూడిక పూర్తయి ఉండాలి. మెట్లు రాసుకునే చోటు ఇవ్వకపోతే, ఐదు గుణకారాలూ ఈ కూడికా అన్నీ ఆ మొదటి టోకెన్ బయటికి రాకముందే లోపల ముగియాలి. ఒక్కో టోకెన్‌కు మోడల్ చేసే పని పరిమాణం దాని పొరల సంఖ్యను బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది. ఐదు వరుసలున్నా, ఐదు వందల వరుసలున్నా అదనపు మెట్లేమీ దొరకవు.

మరి చిన్న కూడికలు ఎలా సరిగ్గా వస్తున్నాయి? ఆంత్రోపిక్ పరిశోధకులు 2025 మార్చిలో తమ మోడల్ లోపలి కదలికలను పరిశీలించి, 36కు 59 కలపమంటే ఏం జరుగుతోందో బయటపెట్టారు. లోపల రెండు దారులు పక్కపక్కన నడుస్తున్నాయి. ఒకటి జవాబు సుమారుగా ఎంత ఉంటుందో అంచనా కడుతుంది. రెండోది 6, 9 కలిస్తే చివరి అంకె 5 అవుతుందని మాత్రం కచ్చితంగా తేలుస్తుంది. రెండూ కలిసి 95 దగ్గర ఆగుతాయి. తమాషా ఏమిటంటే, ఎలా కూడావని అడిగితే ఆ మోడల్ 'ఒకట్లు కూడి, ఒకటి పదులలో వేసుకున్నాను' అని బడి పద్ధతే చెప్పింది. అది మనుషుల రాతల్లోంచి నేర్చుకున్న వివరణ, తాను చేసిన పని కాదు. కాబట్టి తప్పు జవాబు వచ్చాక 'ఎలా చేశావో చూపించు' అని అడిగి దాన్ని నమ్మడంలో అర్థం లేదు.

అంచనా దారి ముందు అంకెలనిస్తుంది, చివరి అంకె దారి చివరి అంకెను ఇస్తుంది. రెండంకెల సంఖ్యలకు ఈ రెండూ చాలు. ఏడంకెల జవాబులో నడుమనున్న అంకెలకు మాత్రం ఈ రెండు దారుల్లో ఏదీ సరిపోదు. పైన చూసిన 14,81,256.75 ఆకారం ఇక్కడి నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది. మిర్చి యార్డులో తల పండిన వ్యాపారి కుప్పను చూసి ఎన్ని క్వింటాళ్లో దాదాపుగా చెప్పేస్తాడు. ఆ అంచనాను కాటా చీటీ మీద మాత్రం రాయడు. మోడల్ ఆ అంచనాను పైసలతో సహా చీటీ మీద రాసేస్తుంది.

గుణకారంలో ఇది ఇంకా తొందరగా బయటపడుతుంది. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడంకెల సంఖ్యను మూడంకెల సంఖ్యతో గుణించమంటే అప్పటి జీపీటీ-4 నూటికి 59 సార్లు మాత్రమే సరిగ్గా చెప్పింది. ఆ తర్వాతి మోడళ్లు బాగా మెరుగుపడ్డాయి. కానీ మన నాలుగో వరుస నాలుగంకెలను ఐదంకెలతో గుణించేది, అలాంటివి పట్టీలో వందల్లో ఉంటాయి.

మెట్లు రాయిస్తే సరిపోదా అంటే, చిన్న పట్టీకి చాలావరకు సరిపోతుంది. ఒక్కో వరుసా లెక్కించి, ఇంతవరకు మొత్తం ఎంతో రాసుకుంటూ పోతే, రాసిన ప్రతి ముక్కా తర్వాతి మెట్టుకు ఆసరా అవుతుంది. జవాబు ఇచ్చే ముందు పొడవుగా ఆలోచించే నేటి మోడళ్లు చేసేది ఇదే. చిక్కు పొడవులో ఉంది. ఒక్కో మెట్టు వెయ్యిసార్లలో 999 సార్లు సరిగ్గా వస్తుందనుకుందాం. ఇది చాలా ఉదారమైన లెక్క. 400 వరుసల పట్టీలో ఒక్క తప్పూ లేకుండా చివరిదాకా చేరే అవకాశం 67 శాతమే. ఒక్కో మెట్టుకు నూటికి 99 అయితే ఆ అవకాశం 2 శాతం కూడా ఉండదు. పైగా ఇలాంటి పొడవైన రాతలో తప్పు కూడికలోనే రావాలని లేదు. పక్కపక్కన ఒకే ధర ఉన్న రెండు వరుసల్లో ఒకదాన్ని దాటేయడం, 217వ వరుసలోని బరువును 218వ వరుస ధరతో జతచేయడం లాంటివీ జరుగుతాయి. గడుల గీతలు మోడల్‌కు కనబడవు. పట్టీ దాని దగ్గరికి చేరేసరికి ట్యాబులు, కొత్త పంక్తి గుర్తులు మాత్రమే ఉన్న ఒక పొడవాటి తాడులా ఉంటుంది.

కొన్ని సేవల్లో అసలు పట్టీ మొత్తం మోడల్ దాకా వెళ్లదు. ఫైలు పెద్దదైతే దాన్ని ముక్కలుగా విడగొట్టి, అడిగిన ప్రశ్నకు దగ్గరగా అనిపించిన కొన్ని ముక్కలనే ముందు పెడతారు. ఒప్పంద పత్రంలో ఒక షరతు వెతకడానికి ఈ పద్ధతి బాగుంటుంది. మొత్తం అడిగినప్పుడు మాత్రం ప్రతి వరుసా సంబంధమున్నదే; ఏ ముక్క వదిలినా జవాబు తప్పే.

కోడు చేతికిస్తే

2022 నవంబరులో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పద్ధతి ప్రతిపాదించారు. మోడల్‌ను లెక్క చేయమనకుండా, లెక్క చేసే పైథాన్ ప్రోగ్రాము రాయమన్నారు. ప్రోగ్రామును నడిపేది మామూలు పైథాన్. దాన్ని పరీక్షించడానికి వారు ఎంచుకున్న తీరు నాకు బాగా నచ్చుతుంది. బడి పిల్లల లెక్కల ప్రశ్నలనే తీసుకుని, మాటలు మార్చకుండా, అంకెల స్థానంలో ఏడంకెల దాకా ఉండే పెద్ద సంఖ్యలు పెట్టారు. మెట్లు రాసి తానే లెక్కించిన మోడల్ సరైన జవాబుల శాతం 65.6 నుంచి 23.1కి పడిపోయింది. ప్రోగ్రాము రాసినప్పుడు అది 72 నుంచి 61.2కే తగ్గింది. ప్రశ్నను అర్థం చేసుకోవడం రెండింట్లోనూ ఒకటే. చేయి ఎక్కువగా తడబడింది అంకెల దగ్గరే.

2023 జులైలో ఓపెన్‌ఏఐ తన చాట్‌జీపీటీ చందాదారులకు కోడ్ ఇంటర్‌ప్రెటర్ పేరుతో ఈ సౌకర్యం ఇచ్చింది. తర్వాత మిగతా సంస్థలూ అదే దారి పట్టాయి. మన పట్టీలో బరువుల నిలువు వరుసకు kg, ధరల నిలువు వరుసకు rate అని పేర్లు పెట్టి, ఇలాంటి చాట్‌బాట్‌కు ఫైలుగా ఇస్తే మోడల్ రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

```python
import pandas as pd
df = pd.read_excel("mirchi.xlsx")
df["amount"] = df["kg"] * df["rate"] / 100
print(len(df), df["amount"].sum())
```

ఇక్కడ పని చేతులు మారే వరుసను నెమ్మదిగా చూడాలి. మోడల్ రాసింది పాఠమే. కవిత రాసినట్టే ముక్క తర్వాత ముక్క రాసింది. అయితే 'ఇది నడపవలసిన కోడు' అనే గుర్తు అందులో ఉంటుంది. చాట్‌బాట్‌ను నడిపే వ్యవస్థ ఆ గుర్తును చూసి, మోడల్‌ను అక్కడ ఆపి, కోడును శాండ్‌బాక్స్ అనే వేరు చేసిన చిన్న కంప్యూటర్‌కు పంపుతుంది. మీరు ఇచ్చిన ఫైలు అక్కడ ఉంటుంది. పైథాన్‌లోని పాండాస్ లైబ్రరీ ఆ ఫైలును తెరిచి, బరువులను, ధరలను సంఖ్యలుగానే చదివి, ప్రాసెసర్‌తో గుణించి, కూడుతుంది. అచ్చయిన ఫలితం ఒక్క పంక్తి:

```
5 1483706.75
```

ఈ పంక్తిని మళ్లీ మోడల్ ముందున్న పాఠానికి చేర్చి, దాన్ని ముందుకు కదలనిస్తారు. మోడల్ దాన్ని చదివి 'మొత్తం రూ. 14,83,706.75' అని రాస్తుంది. పట్టీలోని పది సంఖ్యల్లో ఒక్కటి కూడా కూడిక కోసం మోడల్ గుండా వెళ్లలేదు. టోకెన్ల కోత, ఎడమ నుంచి రాసే ఇబ్బంది, నడిమధ్య అంకెల తడబాటు అన్నీ ఒక్కసారిగా అప్రస్తుతమయ్యాయి. ఐదు వరుసలకు రాసిన నాలుగు పంక్తుల కోడు యాభై వేల వరుసలకూ అదే నాలుగు పంక్తులు. చేత్తో కూడినప్పుడు పొడవుతో పెరిగే తప్పుల అవకాశం ఇక్కడ పెరగదు.

దీనివల్ల మోడల్‌కు లెక్కలు వచ్చాయని అనుకోకూడదు. దాని చేతిలోంచి లెక్క తీసేశారు, అంతే. దానికి నిజంగా చేతనైన పనే మిగిలింది: తెలుగులో అడిగిన ప్రశ్నను పైథాన్‌లోకి మార్చడం. అందువల్ల తప్పులు కూడా అటే వలసపోయాయి. ఇప్పుడు తప్పు అంకెల్లో రాదు, పట్టీ అర్థంలో వస్తుంది.

చప్పుడు చేయని తప్పులు

నాలుగో వరుసలోని 16,725ను గుమాస్తా వాట్సాప్ సందేశంలోంచి కాపీ చేసి అతికించాడనుకుందాం. గడిలో అది సంఖ్యగా కాక, కామాతో కూడిన వచనంగా నిలిచిపోయింది. తెర మీద మిగతావాటిలాగే కనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే గడిలో ఎడమవైపుకు ఆనుకుని ఉంటుంది, మూలలో చిన్న ఆకుపచ్చ త్రికోణమూ ఉండవచ్చు. మామూలుగా కామాలతో కనిపించే ధరలతో ఈ చిక్కు రాదు. ఎక్సెల్ లోపల దాచేది 16725నే, కామా పైపై అలంకరణ. చిక్కంతా వచనంగా దూరిన గడితోనే.

పైన రాసిన కోడు ఈ ఫైలు మీద నడిస్తే ఆగిపోతుంది. పైథాన్‌లో సంఖ్యతో వచనాన్ని గుణిస్తే ఆ వచనం అన్నిసార్లు పక్కపక్కన పేర్చబడుతుంది. అంటే '16,725' అనే అక్షరాలు 3,409 సార్లు వరుసగా! దాన్ని నూరుతో భాగించమనేసరికి పైథాన్ ఎర్రర్ చూపుతుంది. ఇంతవరకు మంచిదే, తప్పు గట్టిగా అరిచింది. ఎర్రర్ సందేశం మోడల్‌కు చేరుతుంది, అది కోడు సరిచేసి మళ్లీ పంపుతుంది. అపాయం ఆ సవరణలో ఉంది. ఇలాంటి చోట తరచుగా కనిపించే సవరణ ఇది:

```python
df["rate"] = pd.to_numeric(df["rate"], errors="coerce")
```

సంఖ్యగా మార్చలేని గడి ఎదురైతే దాన్ని ఖాళీగా చేసి ముందుకు పొమ్మని దీని అర్థం. '16,725' కామా కారణంగా సంఖ్యగా మారదు, ఖాళీ అవుతుంది. ఖాళీతో గుణించిన మొత్తమూ ఖాళీయే. తర్వాత `sum()` ఖాళీలను పక్కన పెట్టి మిగిలినవి కూడుతుంది. ఫలితం:

```
5 913551.5
```

రూ. 5,70,155.25 విలువ చేసే తేజ లాటు మాయమైంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. వరుసల సంఖ్య కూడా 5 అనే ఉంది, ఎందుకంటే `len(df)` వరుసలను లెక్కపెడుతుంది గాని నిండిన గడులను కాదు. కూడిక మాత్రం నాలుగు సంఖ్యలకు అక్షరాలా సరైన కూడిక. నిజానికి ఈ జబ్బు పైథాన్‌కే పరిమితం కాదు. ఎక్సెల్‌లో ధరల గడుల మీద `SUM` వేసినా వచనంగా ఉన్న గడిని అది మాట్లాడకుండా వదిలేస్తుంది. చాట్‌బాట్ విషయంలో తేడా ఏమిటంటే, కోడు నడిచిందన్న ధైర్యంతో మనం పట్టీ వైపు చూడటమే మానేస్తాం.

సరైన మరమ్మతు కామాను తీసేసి, `coerce` లేకుండా మార్చడం. అప్పుడు మార్చలేనిది ఇంకేదైనా ఉంటే కోడు మళ్లీ ఆగి చెబుతుంది:

```python
rate = df["rate"].astype(str).str.replace(",", "")
df["rate"] = pd.to_numeric(rate)
df["amount"] = df["kg"] * df["rate"] / 100
print(len(df), df["amount"].count(), df["amount"].sum())
```

ఇక్కడ అచ్చయ్యేది `5 5 1483706.75`. నడుమ ఉన్న `count()` నిండిన గడుల సంఖ్య. మొదటి రెండు సంఖ్యలూ సమానంగా లేకపోతే ఏదో జారిపోయినట్టే. పైన తప్పు వచ్చిన సందర్భంలో ఇదే పంక్తి ఉండి ఉంటే `5 4 913551.5` అని కనిపించి, ఆ నాలుగే మనల్ని ఆపేది. కోడు చదవడం రాని మనిషి కూడా 'ఎన్ని వరుసలు చదివావు, వాటిలో ఎన్నింటిని కూడావు' అని అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు కోడు ఫలితంలోంచి రావాలి, మోడల్ నోటి మాటగా కాదు.

దీనికి తిరగేసిన తప్పు ఎక్కువ కూడటం. పట్టీ అడుగున 'మొత్తం' అని ఒక వరుస ఉందనుకోండి. అందులో బరువు గడిలో 9,621 కిలోలని రాసి ఉంటుంది. పాండాస్‌కు అది కూడా ఒక లాటే. మొత్తం బరువు ఎంత అంటే 19,242 కిలోలని వస్తుంది. సరిగ్గా రెట్టింపు కాబట్టి దీన్ని పట్టుకోవడం తేలిక. నెలకొక ఉపమొత్తం ఉన్న ఏడాది పట్టీలో కొన్ని ఉపమొత్తాలు మాత్రమే కలిసిపోతే అంత తేలిక కాదు. 'తేజ' తర్వాత ఒక ఖాళీ జాగా మిగిలిపోయిన గడి కూడా ఇలాంటిదే. మనకు రెండూ తేజలే. కోడుకు అవి రెండు వేర్వేరు రకాలు.

అన్నిటికంటే మెలిక పడేది ప్రశ్నే అస్పష్టంగా ఉన్నప్పుడు. 'తేజ సగటు ధర ఎంత?' అని అడిగామనుకుందాం. కోడు ధరల గడిని తీసుకుని `mean()` వేస్తే 16,350, 16,725ల సగటు రూ. 16,537.50 వస్తుంది. దానిలో అంకగణిత దోషం ఏమీ లేదు. కానీ వ్యాపారికి కావలసింది క్వింటాలు తనకు ఎంతకు పడిందన్నది. రెండో లాటు మొదటిదానికి దాదాపు రెట్టింపు బరువుంది. రెండింటికీ చెల్లించిన రూ. 8,72,139.75ను 52.56 క్వింటాళ్లతో భాగిస్తే రూ. 16,593.22 అవుతుంది. క్వింటాలుకు దాదాపు 56 రూపాయల తేడా. ఈ రెండింట్లో ఏది అడిగారో మోడల్ ఊహించాలి, కొన్నిసార్లు తప్పు ఊహిస్తుంది. బరువును లెక్కలోకి తీసుకుని సగటు కట్టమని ప్రశ్నలోనే చెబితే ఈ గొడవ ఉండదు. చెప్పకపోతే, జవాబులో ఏ సూత్రం వాడిందో చూడకుండా ఆ అంకెను ఎవరికీ పంపకూడదు.

కోడు నడిచిన తర్వాత కూడా చివరి వాక్యం రాసేది మళ్లీ మోడలే. `1483706.75` అనే ఫలితాన్ని మన పద్ధతిలో లక్షల్లోకి మార్చి రాయాలి. పాశ్చాత్య కామాలతో 1,483,706.75 అని అచ్చయితే దాన్ని 14.84 లక్షలకు బదులు 1.48 కోట్లని రాసే ప్రమాదం ఉంది. ఇది చిన్న అనువాదమే, కానీ అనువదిస్తున్నది పాత అంచనాల యంత్రమే. లక్షల కామాలు పెట్టే పని కూడా కోడులోనే చేయించి, అచ్చయినదాన్ని ఉన్నదున్నట్టు రాయమనడం మేలు.

అసలు కోడు నడిచిందో లేదో ముందు చూసుకోవాలి. కోడు నడిపే సౌకర్యం అందుబాటులో ఉన్నా, పట్టీ చిన్నదిగా కనిపిస్తే మోడల్ దాన్ని పిలవకుండానే జవాబు చెప్పేయవచ్చు. చాలా చాట్‌బాట్‌లలో కోడు నడిస్తే జవాబు దగ్గర దాన్ని విప్పి చూసే చోటు ఒకటి ఉంటుంది. అది లేకపోతే, ఆ అంకె అంచనాయే అనుకోవడం క్షేమం. జవాబులో పైథాన్ కోడు కనిపించడం మాత్రమే చాలదు. కోడు రాసి, నడపకుండా, ఫలితం ఇలా ఉంటుందని ఊహించి రాసిన సందర్భాలూ ఉన్నాయి.

కోడు విప్పి చూసినప్పుడు మొదట కళ్లు వెతకవలసింది `read_excel` లేదా `read_csv` అనే మాట. దాని బదులు ఇలాంటిది కనిపిస్తే ఆగాలి:

```python
kg = [1847, 2265, 968, 3409, 1132]
rate = [16350, 13900, 14750, 16725, 13600]
```

పట్టీని ఫైలుగా ఇవ్వకుండా చాట్‌లో అతికించినప్పుడు ఇది జరుగుతుంది. ఫైలు లేదు కాబట్టి మోడల్ ప్రతి సంఖ్యనూ తానే మళ్లీ రాసింది. కూడిక పైథాన్‌దే అయినా, ఎత్తిరాత మోడల్‌ది. ఐదు వరుసల్లో దాన్ని కంటితో సరిచూడవచ్చు. నాలుగు వందల వరుసలైతే నడుమ ఒకటి జారిపోయినా, ఒక 3409 కాస్తా 3049 అయినా తెలియదు. అందుకే పట్టీని అతికించకుండా ఫైలునే ఎక్కించాలి. తర్వాత ఎక్సెల్‌లో బరువుల గడులను మౌసుతో ఎంచుకుంటే తెర అడుగున కుడివైపున వాటి మొత్తం కనిపిస్తుంది. అక్కడ 9,621 అని ఉండి, చాట్‌బాట్ కోడు కూడా బరువు మొత్తాన్ని 9621 అని అచ్చువేస్తే, కనీసం బరువులన్నీ శాండ్‌బాక్స్ దాకా సరిగ్గా చేరాయని తెలుస్తుంది. ధరల గడికి ఇదే పరీక్ష నేరుగా పనికిరాదు. వచనంగా ఉన్న 16,725ను ఎక్సెల్ కూడా వదిలేస్తుంది కాబట్టి రెండు వైపులా ఒకే తప్పు మొత్తం రావచ్చు. అక్కడ చూడవలసింది సంఖ్యల లెక్కింపు. మొత్తం పక్కన మామూలుగా కనిపించే Count వచనం ఉన్న గడులనూ లెక్కపెడుతుంది; అదే చోట మౌసు కుడి బటన్ నొక్కి Numerical Count ఎంచుకోవాలి. ఐదు గడులు ఎంచుకున్నా సంఖ్యలు నాలుగే అని చూపితే, ఎడమకు ఆనుకుని ఉన్న ఆ గడి ఏదో వెతకాలి.